ఇన్‌స్టంట్ కాఫీ, ఫిల్టర్ కాఫీ, అక్రిలమైడ్: కిలో లెక్క వేరు, గ్లాసు లెక్క వేరు

ఇన్‌స్టంట్ కాఫీలో క్యాన్సర్ కారకమైన అక్రిలమైడ్ అనే రసాయనం, అప్పుడే పట్టించిన కాఫీ పొడిలో కంటే రెండు రెట్లు ఉంటుందన్న మాట ఫోన్లలో తరచుగా తిరుగుతూ ఉంటుంది. ఉదయం లేవగానే డికాక్షన్ దిగిందా లేదా అని చూసుకునే నెల్లూరు, ఒంగోలు, కావలి ఇళ్లలో ఈ మాటకు రెండు రకాల స్పందన కనిపిస్తుంది. ఫిల్టర్ కాఫీ తాగేవారు తమ అలవాటు మంచిదని నిశ్చింతగా ఉంటారు. వేళకు ఉద్యోగానికి పరుగెత్తాలి కాబట్టి చెంచాడు ఇన్‌స్టంట్ పొడి పాలలో కలుపుకునేవారు కొంత భయపడతారు. ఆ నిశ్చింతకూ ఈ భయానికీ ఆధారమైన అంకె నిజమైనదే. అయితే ఆ అంకె కిలో పొడికి సంబంధించినది. మనం తాగేది కిలోల్లో కాదు కాబట్టి దాన్ని గ్లాసులోకి దించి చూడాలి. అలా చూసినప్పుడు పోలిక తారుమారవడమే కాకుండా, మన కాఫీ పొడిలో ఉండే మరో పదార్థం, అంటే చికోరీ, ఈ లెక్కలో ముందుకు వస్తుంది.

అక్రిలమైడ్ ఆహారంలో ఉందని ఎలా తెలిసింది

అక్రిలమైడ్ పరిశ్రమల్లో చాలాకాలంగా వాడుతున్న రసాయనం. దీనితో తయారయ్యే పాలిమర్లను నీటి శుద్ధిలోనూ, సొరంగాల్లో నీటి ఊటలను మూసే గారలోనూ వాడతారు. 1997లో స్వీడన్‌లోని హాలండ్సోస్ అనే చోట రైలు సొరంగం తవ్వుతుండగా, అలాంటి గార నుంచి అక్రిలమైడ్ వాగు నీటిలోకి చేరింది. చేపలు చచ్చాయి, ఆ నీరు తాగిన పశువులకు కాళ్లు పడిపోయాయి. సొరంగంలో పనిచేసినవారికి ఏ మేరకు సోకిందో తెలుసుకోవడానికి వారి రక్తాన్ని పరీక్షించారు. ఆ రసాయనం రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అతుక్కుని కొంతకాలం నిలిచి ఉంటుంది కనుక దాన్ని కొలవడం సాధ్యమైంది. పోలిక కోసం సొరంగంతో ఏ సంబంధమూ లేనివారి రక్తాన్ని కూడా పరీక్షించగా, వారిలోనూ దాని ఆనవాళ్లు కనిపించాయి. ఇది ఎక్కడినుంచి వస్తోందన్న వెతుకులాట వంటగదిలో తేలింది. వేయించిన, కాల్చిన ఆహారాల్లో అక్రిలమైడ్ తయారవుతోందని 2002 ఏప్రిల్‌లో స్వీడన్ ఆహార సంస్థ, స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు.

ఎవరూ కలపకుండానే ఇది ఆహారంలో ఎలా పుడుతుందన్నది తర్వాత కొద్ది నెలల్లోనే తేలింది. మొక్కల్లో సహజంగా ఉండే ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ వంటి చక్కెరలు కలిసి, నీరు తక్కువగా ఉన్నచోట సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కినప్పుడు అక్రిలమైడ్ ఏర్పడుతుంది. వేపుడుకు, కాల్పుకు ఎర్రటి రంగు, కమ్మటి వాసన ఇచ్చే రసాయన చర్యలో ఇదొక పాయ. ఉడకబెట్టిన అన్నం, ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ నూరు డిగ్రీలు దాటవు కనుక వాటిలో ఇది దాదాపుగా పుట్టదు. ఆలుగడ్డ చిప్స్‌లో బాగా పుడుతుంది. కాఫీ గింజలను 200 డిగ్రీలకు పైబడిన వేడిలో వేయిస్తారు కాబట్టి కాఫీలో ఇది తప్పదు.

కాఫీ విషయంలో ఒక విశేషం ఉంది. వేయించడం మొదలైన తొలి నిమిషాల్లో అక్రిలమైడ్ వేగంగా పెరిగి ఒక గరిష్ఠ స్థాయికి చేరుతుంది. అప్పటికి గింజలోని ఆస్పరజిన్ చాలావరకు అయిపోతుంది. వేడి మాత్రం కొనసాగుతుంది కనుక, ఏర్పడిన అక్రిలమైడ్ కూడా విరిగిపోవడం, ఆవిరవడం మొదలవుతుంది. అందువల్ల లేత గోధుమ రంగులో దించిన గింజల్లో కంటే ముదురుగా వేగిన గింజల్లో ఇది తక్కువగా మిగులుతుంది. మాడినకొద్దీ విషం పెరుగుతుందన్న సాధారణ అభిప్రాయం బంగాళాదుంప వేపుడుకు సరిపోతుంది గాని, కాఫీ గింజకు సరిపోదు.

రెండు రెట్లు అన్న మాట వెనుక ఉన్న కొలత

2013లో ప్రచురితమైన ఒక పోలండ్ అధ్యయనంలో, అక్కడి మార్కెట్‌లో దొరికే పొడులను పరీక్షించగా, వేయించిన కాఫీలో కిలోకు సగటున 179 మైక్రోగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 358 మైక్రోగ్రాములు, కాఫీకి బదులుగా వాడే చికోరీ, ధాన్యపు పొడుల్లో 818 మైక్రోగ్రాముల అక్రిలమైడ్ ఉన్నట్లు తేలింది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. రెండు రెట్లు అన్న ప్రచారానికి ఎక్కువగా ఆధారం ఇదే.

ఇన్‌స్టంట్ పొడిలో ఎక్కువ ఉండటానికి కారణం దాని తయారీలో ఉంది. కర్మాగారంలో గింజలను వేయించి, పలుకులుగా పట్టి, వాటిలోంచి ఒత్తిడి మీద వేడి నీటిని పంపి చిక్కని డికాక్షన్ తీస్తారు. ఆ డికాక్షన్‌లోని నీటిని తీసివేస్తే మిగిలేదే ఇన్‌స్టంట్ పొడి. వేడి గాలిలోకి సన్నని తుంపరలుగా చిమ్మి ఆరబెడితే మెత్తటి పొడి వస్తుంది. గడ్డకట్టించి శూన్యంలో నీటిని తీస్తే పలుకులుగా వస్తుంది. కిలో ఇన్‌స్టంట్ పొడి కావాలంటే రెండు కిలోలకు పైగా గింజలు కావాలి. అక్రిలమైడ్ నీటిలో సులభంగా కరుగుతుంది కనుక, ఆ గింజల్లో ఉన్నదంతా దాదాపుగా డికాక్షన్‌లోకి, అక్కడినుంచి పొడిలోకి వస్తుంది. పిప్పి మాత్రం బయటికి పోతుంది. చెరుకు రసం కాచి బెల్లం చేసినప్పుడు, కిలో బెల్లంలో కిలో రసంలో కంటే తీపి ఎన్నో రెట్లు ఉండటం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కొత్తగా చేరిందేమీ లేదు, పలుచన తగ్గింది.

ఇప్పుడు గ్లాసు లెక్క చూద్దాం. ఇన్‌స్టంట్ కాఫీకి ఒక మోస్తరు చెంచా, అంటే సుమారు 2 గ్రాముల పొడి చాలు. ఫిల్టర్ కాఫీకి ఒక గ్లాసుకు సుమారు 7 గ్రాముల పొడి పడుతుంది. ఫిల్టర్‌లో వేసిన పొడిలోని అక్రిలమైడ్ అంతా డికాక్షన్‌లోకి దిగిందనుకుంటే, పోలండ్ సగటుల ప్రకారం ఫిల్టర్ గ్లాసులో 1.25 మైక్రోగ్రాములు, ఇన్‌స్టంట్ గ్లాసులో 0.72 మైక్రోగ్రాములు ఉంటాయి. పొడిలో రెట్టింపు ఉన్నది గ్లాసులోకి వచ్చేసరికి తక్కువయింది. ఇన్‌స్టంట్ పొడి రెండు చెంచాలు వేసుకునేవారికి రెండూ ఇంచుమించు సమానమవుతాయి. దీన్ని ఇన్‌స్టంట్‌కు వచ్చిన గెలుపుగా భావించవలసిన పని కూడా లేదు. ఒక మైక్రోగ్రాము అటూ ఇటూ తేడా అంత పట్టించుకోదగినది కాదని కింది లెక్కలు చూస్తే తెలుస్తుంది.

అసలు తేడా చికోరీతో వస్తుంది

పై లెక్కలో కాఫీ అంటే స్వచ్ఛమైన కాఫీ. మన జిల్లాల్లో చాలా ఇళ్లలో ఫిల్టర్‌లో పడే పొడి అలాంటిది కాదు. పొడి పట్టే కొట్టులో గింజల రకం చెప్పిన వెంటనే వచ్చే ప్రశ్న, "చికోరీ ఎంత వేయమంటారు?" అన్నదే. చికోరీ ఒక మొక్క వేరు. మన దేశంలో గుజరాత్‌లోని జామ్‌నగర్, ఉత్తరప్రదేశ్‌లోని ఏటా ప్రాంతాల్లో పండుతుంది. ఆ వేరును ముక్కలు చేసి, ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. డికాక్షన్‌కు నలుపు, చిక్కదనం, కొంచెం తీపి కలిసిన చేదు ఇస్తుంది. ధర కాఫీ కంటే తక్కువ. ఇది కల్తీ కాదు. చట్టం అనుమతించిన మిశ్రమమే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, రెండింటి పాళ్లూ పొట్లం మీద అచ్చు వేయాలి. 53:47 వంటి వింత నిష్పత్తులు కొన్ని పొట్లాల మీద కనిపించడానికి కారణం ఆ 51 శాతం గీతే. ఇన్‌స్టంట్ సీసాల్లోనూ 70:30 మిశ్రమాలు మామూలే. అంటే ఇన్‌స్టంట్‌కూ ఫిల్టర్‌కూ మధ్య మనం గీసే గీత, చికోరీ ఉన్నదానికీ లేనిదానికీ మధ్య ఉన్న గీతతో ఒకటి కాదు.

చికోరీ వేరులో ఆస్పరజిన్ ఉంటుంది, ఇనులిన్ అనే పిండి పదార్థం విరిగితే వచ్చే ఫ్రక్టోజ్ కూడా సమృద్ధిగా ఉంటుంది. వేయించినప్పుడు అక్రిలమైడ్ పుట్టడానికి కావలసిన రెండు సరుకులూ ఒకేచోట ఉన్నాయన్నమాట. ఐరోపా సమాఖ్య 2017లో చేసిన నిబంధనలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. వేయించిన కాఫీకి కిలోకు 400 మైక్రోగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీకి 850, పూర్తిగా చికోరీతో చేసిన పొడికి 4,000 మైక్రోగ్రాములు అని ప్రమాణ స్థాయిలు పెట్టారు. ఇవి దాటితే అమ్మకం నిషేధించే హద్దులు కావు. దాటినప్పుడు తయారీదారు తన పద్ధతిని తిరిగి పరిశీలించి తగ్గించే ప్రయత్నం చేయాలని చెప్పే గుర్తులు. అయినా అదే నిబంధనలో చికోరీకి కాఫీ కంటే పది రెట్లు ఎక్కువ స్థాయి పెట్టవలసి వచ్చిందంటే, వేరు స్వభావం ఏమిటో అర్థమవుతుంది.

విడిగా కొన్న పొడిలో చికోరీ ఉందో లేదో స్థూలంగా తెలుసుకునే ఒక పాత పరీక్ష ఉంది. గాజు గ్లాసులో చల్లటి నీళ్లు పోసి, పైన చిటికెడు పొడి చల్లితే, నూనె గుణం ఉన్న కాఫీ పలుకులు కొంతసేపు పైన తేలుతాయి. చికోరీ పలుకులు వెంటనే నీరు పీల్చి, ముదురు రంగు చారను వదులుతూ కిందికి దిగుతాయి. ఉందా లేదా అన్నది దీనితో తెలుస్తుంది గాని, ఎంత శాతమో తెలియదు.

ఒక ఇంటి లెక్క

నెల్లూరులో ఒక ఇల్లు ఉందనుకుందాం. 60 కిలోల బరువున్న ఆ ఇంటి ఇల్లాలు రోజుకు మూడు గ్లాసుల ఫిల్టర్ కాఫీ తాగుతారు, గ్లాసుకు 7 గ్రాముల పొడి పడుతుంది, పొడి 60:40 మిశ్రమం. మన మార్కెట్‌లోని ప్రతి పొడికీ కొలతలు లేవు కనుక, ఎక్కువ వైపున ఉండే ఐరోపా ప్రమాణ స్థాయిలనే లెక్కకు తీసుకుందాం. అసలు అంకెలు సాధారణంగా ఇంతకంటే తక్కువగానే ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి.

7 గ్రాముల్లో కాఫీ 4.2 గ్రాములు. దానినుంచి వచ్చేది 1.7 మైక్రోగ్రాములు. చికోరీ 2.8 గ్రాములు. దానినుంచి వచ్చేది 11.2 మైక్రోగ్రాములు. మొత్తం గ్లాసుకు సుమారు 13. అదే ఇంట్లో పొడిని 80:20కి మార్చితే గ్లాసుకు సుమారు 8 అవుతుంది. చికోరీ లేని పొడి అయితే 2.8. చికోరీ లేని ఇన్‌స్టంట్ 2 గ్రాములు వేసుకుంటే 1.7, 70:30 ఇన్‌స్టంట్ అయితే సుమారు 3.6. ఇన్‌స్టంట్ నుంచి ఫిల్టర్‌కు మారడం వల్ల ఈ అంకె కదిలేది ఒక మైక్రోగ్రాము మేరకు. చికోరీ 40 శాతం నుంచి సున్నాకు మారితే కదిలేది పది మైక్రోగ్రాములు.

ఈ అంకెల పరిమాణం తెలియడానికి మరొకటి పక్కన పెట్టాలి. ఆలుగడ్డ చిప్స్‌కు ఐరోపా పెట్టిన ప్రమాణ స్థాయి కిలోకు 750 మైక్రోగ్రాములు. ఆ లెక్కన 50 గ్రాముల చిప్స్ పొట్లంలో 37 మైక్రోగ్రాములకు పైగా ఉండవచ్చు. ఆ ఇల్లాలు మూడు గ్లాసుల 60:40 కాఫీలో తీసుకునేది 39. బడి నుంచి వచ్చిన పిల్లవాడు సాయంత్రం ఒక పొట్లం ఖాళీ చేస్తే, తల్లి రోజంతా తాగిన కాఫీలో ఉన్నంత అక్రిలమైడ్ తల్లిలో సగం బరువు కూడా లేని శరీరంలోకి వెళ్తుంది. కాఫీ గురించి భయపడే ఇళ్లలో ఈ రెండో సంగతి గురించి మాట వినిపించదు.

ఈ మోతాదు ప్రమాదకరమా: రెండు వాదనలు

అక్రిలమైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1994లో "బహుశా మనుషుల్లో క్యాన్సర్ కలిగించవచ్చు" అన్న 2ఏ వర్గంలో చేర్చింది. ఈ వర్గీకరణ ఆధారాల బలాన్ని చెబుతుంది, ఎంత మోతాదులో ఎంత ప్రమాదమో చెప్పదు. మోతాదు గురించి చెప్పేది వేరే లెక్క.

జాగ్రత్త పడాలనేవారి వాదన ఇలా సాగుతుంది. శరీరంలోకి వెళ్లిన అక్రిలమైడ్‌లో కొంత భాగం గ్లైసిడమైడ్‌గా మారుతుంది, అది డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. అలాంటి పదార్థానికి ఇంత వరకు పూర్తిగా క్షేమం అని గీత గీయడం కష్టం. అందుకే ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో జంతు ప్రయోగాల నుంచి, క్యాన్సర్ గడ్డలు స్వల్పంగా పెరగడం మొదలయ్యే మోతాదును శరీర బరువులో కిలోకు రోజుకు 170 మైక్రోగ్రాములుగా తీసుకుని, మనుషులు తీసుకునే మోతాదు దానికి ఎన్ని రెట్లు తక్కువగా ఉందో చూసింది. పది వేల రెట్లు తక్కువగా ఉంటే ఆందోళన అక్కర్లేదని ఆ పద్ధతిలో భావిస్తారు. మన ఉదాహరణలోని ఇల్లాలికి కాఫీ ద్వారా అందేది కిలో బరువుకు 0.65 మైక్రోగ్రాములు. దూరం సుమారు 260 రెట్లు మాత్రమే. చికోరీ లేని కాఫీతో 1,200 రెట్లు, స్వచ్ఛమైన ఇన్‌స్టంట్‌తో 2,000 రెట్లు. ఏదీ పది వేలను అందుకోలేదు. ఐరోపా ప్రజల మొత్తం ఆహారానికి కూడా ఈ దూరం కొన్ని వందల రెట్లకు మించలేదు.

రెండో వాదన మనుషుల మీద జరిగిన పరిశీలనల నుంచి వస్తుంది. ఆహారంలో అక్రిలమైడ్ ఎక్కువగా తీసుకునేవారిలో క్యాన్సర్ ఎక్కువగా ఉందా అని చూసిన పెద్ద అధ్యయనాల్లో స్థిరమైన సంబంధం కనిపించలేదు. కాఫీ విషయంలో ఫలితం మరింత అనుకూలంగా ఉంది. 2016లో ఐఏఆర్‌సీ పిలిచిన 23 మంది శాస్త్రవేత్తలు వెయ్యికి పైగా అధ్యయనాలను పరిశీలించి, అంతకుముందు 1991లో మూత్రాశయ క్యాన్సర్ అనుమానంతో కాఫీకి వేసిన 2బీ ముద్రను తీసివేశారు. కాలేయ క్యాన్సర్, గర్భాశయ లోపొర క్యాన్సర్ కాఫీ తాగేవారిలో తక్కువగా కనిపించాయని చెప్పారు. అదే సమావేశంలో 65 డిగ్రీలకు మించిన వేడితో తాగే పానీయాలను మాత్రం, అవి ఏవైనా సరే, అన్నవాహిక క్యాన్సర్ దృష్ట్యా 2ఏ వర్గంలో పెట్టారు. కాఫీని గిన్నెలోకి, గ్లాసులోకి ఎత్తిపోసి నురగ తెచ్చే మన పద్ధతి నురగతో పాటు వేడిని కూడా దించుతుంది. పొగలు కక్కుతుండగానే గటగటా తాగే అలవాటుకు ఆ రక్షణ ఉండదు.

ఇన్‌స్టంట్, పట్టిన పొడి అన్న పోలికకు నేరుగా జవాబిచ్చే సమాచారం బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడ సుమారు ఐదు లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కాఫీ తాగేవారిలో మరణాల రేటు తాగనివారి కంటే కొంత తక్కువగా ఉంది. పట్టిన కాఫీ తాగినా, ఇన్‌స్టంట్ తాగినా, కెఫీన్ తీసేసిన కాఫీ తాగినా అదే ధోరణి కనిపించింది. ఇవి గమనించి రాసుకున్న ఫలితాలే కనుక, కాఫీ వల్లనే ఆయుష్షు పెరిగిందని నిర్ధారించలేము. ఆరోగ్యంగా ఉన్నవారే కాఫీ మానకుండా తాగుతూ ఉండవచ్చు. అయితే ఇన్‌స్టంట్ కాఫీ గుర్తించదగినంత హాని చేస్తూ ఉంటే, ఇన్‌స్టంట్ ఎక్కువగా తాగే ఆ దేశంలో అది ఎక్కడో ఒకచోట బయటపడి ఉండాలి.

ఈ రెండు వాదనల్లో నాకు రెండోది బలంగా కనిపిస్తుంది, కాఫీ వరకు. ఆ "వరకు" అన్నది ముఖ్యం. మంచి ఫలితాలన్నీ కాఫీ గింజ గురించి వచ్చినవి. కాఫీలో అక్రిలమైడ్‌తో పాటు క్లోరోజెనిక్ ఆమ్లాల వంటి వందలాది పదార్థాలు ఉన్నాయి, వాటి ఉమ్మడి ఫలితమే ఆ అధ్యయనాల్లో కనిపించింది. నలభై శాతం చికోరీ కలిసిన డికాక్షన్‌కు ఆ యోగ్యతాపత్రాన్ని యథాతథంగా బదిలీ చేయడానికి ఆధారం లేదు. చికోరీ చెడ్డదని రుజువైందని దీని అర్థం కాదు. కాఫీ పేరుతో మనం తాగే గ్లాసులో కాఫీ వాటా తగ్గినకొద్దీ, కాఫీ మీద జరిగిన పరిశోధన మనకు వర్తించే మేర కూడా తగ్గుతుంది.

నల్లగా ఉన్నంత మాత్రాన కెఫీన్ ఎక్కువ కాదు

కెఫీన్ లెక్కలో కూడా చికోరీ తలదూరుస్తుంది. చికోరీలో కెఫీన్ అసలే లేదు. వేయించిన అరబికా గింజల్లో బరువులో సుమారు 1.2 శాతం, రోబస్టాలో సుమారు 2.2 శాతం కెఫీన్ ఉంటుంది. రెండూ కలిసిన పొడికి 1.5 శాతం అనుకుంటే, 80:20 పొడితో చేసిన గ్లాసులో, డికాక్షన్‌లోకి దిగని కొంత భాగాన్ని తీసివేయగా, సుమారు 75 మిల్లీగ్రాములు ఉంటాయి. 60:40తో సుమారు 55. స్వచ్ఛమైన ఇన్‌స్టంట్ పొడిలో కెఫీన్ 3 శాతం ప్రాంతంలో ఉంటుంది కనుక 2 గ్రాములకు 60 మిల్లీగ్రాములు. 70:30 ఇన్‌స్టంట్‌లో నలభైకి కాస్త పైన. నల్లగా, చిక్కగా దిగిన 60:40 డికాక్షన్ చూసి ఇది గట్టి కాఫీ అనుకుంటాం. కెఫీన్ పరంగా అది లేతగా కనిపించే స్వచ్ఛమైన కాఫీ కంటే బలహీనమైనది. రెండోసారి నీళ్లు పోసి తీసిన డికాక్షన్‌లో మరీ తక్కువ. కెఫీన్ వేడి నీటిలో తేలిగ్గా కరుగుతుంది కనుక చాలావరకు మొదటిసారే దిగిపోతుంది.

ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజు మొత్తం మీద 400 మిల్లీగ్రాముల కెఫీన్ వరకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 200 వరకు ఆందోళన అక్కర్లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో తేల్చింది. మూడు గ్లాసుల 80:20 కాఫీ అంటే సుమారు 225. పెద్దవారికి ఇది హద్దులోపలే. గర్భిణికి హద్దు దాటింది, పైగా మధ్యలో తాగిన టీ ఇంకా లెక్కలోకి రాలేదు. కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి మామూలుగా ఐదు గంటలు పడుతుంది. గర్భం చివరి నెలల్లో ఈ సమయం ఎన్నో గంటలు పెరిగి, ఉదయం తాగిన గ్లాసు రాత్రికి కూడా రక్తంలో ఉంటుంది. మిగిలినవారిలో కూడా సాయంత్రం ఆరింటికి తాగిన 75 మిల్లీగ్రాముల్లో సగం రాత్రి పదకొండుకు మిగిలే ఉంటుంది. నిద్ర పట్టడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి జవాబు ఈ లెక్కలోనే దొరుకుతుంది. ఇక్కడ కూడా కాఫీ రకం కంటే మోతాదు, వేళ ముఖ్యం.

గ్లాసులో కాఫీతో పాటు వెళ్లేవి

అక్రిలమైడ్‌ను మైక్రోగ్రాముల్లో కొలిచాం, కెఫీన్‌ను మిల్లీగ్రాముల్లో కొలిచాం. చక్కెరను గ్రాముల్లో కొలవాలి. గ్లాసుకు రెండు చెంచాలంటే సుమారు 10 గ్రాములు. మూడు గ్లాసులకు 30. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2,000 కేలరీలు తినేవారికి అదనపు చక్కెర 50 గ్రాముల లోపు ఉండాలి, 25 లోపు ఉంటే మరింత మేలు. కాఫీ ఒక్కటే ఆ రెండో హద్దును దాటించేస్తుంది. మధుమేహం ఇంతగా ఉన్న మన ప్రాంతంలో, అక్రిలమైడ్ భయంతో పొడి మార్చుకుని చక్కెర చెంచాలను లెక్కపెట్టకపోతే, లక్షల రెట్లు పెద్దదైన కొలతను వదిలేసి చిన్నదాన్ని పట్టుకున్నట్లే.

కొలెస్టరాల్ విషయంలో మాత్రం ఇన్‌స్టంట్‌కూ ఫిల్టర్‌కూ కొంత నిజమైన తేడా ఉంది. కాఫీ నూనెలో ఉండే కెఫెస్టాల్ రక్తంలో చెడు కొలెస్టరాల్‌ను పెంచుతుంది. పొడిని నీళ్లలో మరిగించి, వడకట్టకుండా తాగే స్కాండినేవియా అలవాటు నుంచే ఈ సంగతి బయటపడింది. కాగితపు వడపోత దీన్ని దాదాపుగా ఆపేస్తుంది. ఇన్‌స్టంట్‌లో ఇది చాలా తక్కువ. మన లోహపు ఫిల్టర్ రంధ్రాలు కాగితమంత పని చేయలేవు, పొడి మేట మాత్రం కొంత నూనెను పట్టి ఉంచుతుంది. రోజుకు రెండు మూడు గ్లాసులు తాగేవారికి ఇది చిన్న విషయం, కొలెస్టరాల్ ఇప్పటికే ఎక్కువగా ఉండి ఐదారు గ్లాసులు తాగేవారికి కాదు.

ఇంతకంటే ఎక్కువమందిని తాకే సంగతి ఇనుము. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. కాఫీలోని పాలిఫినాల్స్ పప్పులు, ఆకుకూరలు, ధాన్యాల నుంచి వచ్చే ఇనుమును పేగుల్లో పట్టేసి, ఒంటికి పట్టకుండా చేస్తాయి. భోజనంతో పాటు ఒక కప్పు కాఫీ తాగినప్పుడు ఇనుము శోషణ 39 శాతం తగ్గినట్లు 1983లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో కొలిచారు. పట్టిన కాఫీతోనూ, ఇన్‌స్టంట్‌తోనూ ఈ తగ్గుదల కనిపించింది. భోజనానికి గంట ముందు తాగితే తగ్గలేదు. గంట తర్వాత తాగితే మాత్రం, కలిపి తాగినంతగానే తగ్గింది. పెసరట్టు తిన్న వెంటనే కాఫీ తాగే అలవాటుకూ, నిద్ర లేవగానే తాగి గంట దాటాక టిఫిన్ చేసే అలవాటుకూ రక్తహీనత ఉన్న మహిళ విషయంలో ఉన్న తేడా ఇది. ఐరన్ మాత్ర వేసుకునే గర్భిణికి కూడా ఇదే వర్తిస్తుంది, మాత్రను కాఫీ వేళకు దూరంగా పెట్టమని వైద్యులు చెప్పేది ఈ కారణంగానే.